పార్కులోనా? పార్కులోకా?

జర్మన్ నేర్చుకునేవారిని మొదట్లోనే తికమక పెట్టేవి తొమ్మిది చిన్న మాటలు: ఆన్, అవుఫ్, హింటర్, ఇన్, నేబెన్, ఊబర్, ఉంటర్, ఫోర్, త్స్విషెన్. మన 'లో', 'మీద', 'కింద', 'వెనక', 'పక్కన', 'మధ్య' లాంటివే ఇవి. తేడా ఏమిటంటే, నామవాచకానికి ముందు వస్తాయి, వాక్యాన్ని బట్టి రెండు విభక్తుల్లో ఏదో ఒకటి కోరతాయి. 'ఎక్కడికి?' అన్న ప్రశ్నకు జవాబైతే అక్యుజేటివ్, 'ఎక్కడ?' అన్నదానికైతే డేటివ్. పుంలింగ పదానికి ముందుండే 'డేర్' మొదటి సందర్భంలో 'డేన్' అవుతుంది, రెండోదానిలో 'డేమ్' అవుతుంది.

కదలిక ఉంటే అక్యుజేటివ్, లేకుంటే డేటివ్ అని చాలామంది బట్టీ పడతారు. అది సగమే నిజం.

'ఇష్ లావుఫె ఇన్ డేన్ పార్క్' అంటే పార్కులోకి పరుగెత్తుతున్నాను అని. 'ఇష్ లావుఫె ఇమ్ పార్క్' అంటే పార్కులో పరుగెత్తుతున్నాను అని. 'ఇన్ డేమ్' కలిసి 'ఇమ్' అయింది. పరుగు రెండింటిలోనూ ఉంది. మొదటి వాక్యంలో మనిషి బయటినుంచి లోపలికి చేరుతున్నాడు, రెండో వాక్యంలో లోపలే తిరుగుతున్నాడు. కాబట్టి చూడాల్సింది చోటు మారుతోందా లేదా అన్నదే. 'లో', 'లోకి' తేడా తెలిసిన తెలుగువారికి ఇది కొత్తేమీ కాదు.

అసలు చిక్కు 'పెట్టడం' దగ్గర వస్తుంది. పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి అంటాం, పాలు ఫ్రిజ్‌లో పెడుతున్నాను అనీ అంటాం. రెండుచోట్లా 'లో'యే. ఆ అలవాటుతో రెండుచోట్లా డేటివ్ వాడితే తప్పవుతుంది. ఇప్పటిదాకా బయట ఉన్న పాలు లోపలికి చేరుతున్నాయి కాబట్టి 'ఇష్ ష్టెలె డీ మిల్ష్ ఇన్ డేన్ క్యూల్‌ష్రాంక్' అనాలి. పెట్టాక మాత్రం 'డీ మిల్ష్ ష్టేట్ ఇమ్ క్యూల్‌ష్రాంక్'. ఇక్కడ క్రియే దారి చూపుతుంది. నిలబెట్టడానికి 'ష్టెలెన్', నిలబడి ఉండటానికి 'ష్టేయెన్'. పడుకోబెట్టినట్టు పెట్టడానికి 'లేగెన్', అలా పడి ఉండటానికి 'లీగెన్'. ప్రతి జంటలో మొదటిది అక్యుజేటివ్‌తో, రెండోది డేటివ్‌తో వస్తుంది.

దీనికి ఎదురు నడిచే క్రియ 'ఆన్‌కొమ్మెన్', అంటే చేరుకోవడం. మనం స్టేషన్‌కి చేరుకున్నాం అంటాం. జర్మన్‌లో మాత్రం అది 'ఆమ్ బాన్‌హోఫ్', డేటివ్. చేరుకున్న చోటు ఎక్కడన్నదే ఈ క్రియ అడుగుతుంది.

ఈ పరీక్ష పై తొమ్మిదింటికే, అదీ చోటు గురించి మాట్లాడేటప్పుడే. 'త్సు', 'మిట్' లాంటివి కదలిక ఉన్నా లేకున్నా డేటివ్‌నే తీసుకుంటాయి. ఎదురుచూడటం అనే 'వార్టెన్' క్రియకు 'అవుఫ్' తోడైతే, మనిషి కదలకపోయినా అక్యుజేటివ్ వస్తుంది. ఇలాంటి క్రియలను నోట్‌బుక్‌లో రాసుకునేటప్పుడు వాటి ప్రిపొజిషన్‌నూ విభక్తినీ పక్కనే రాసుకోవాలి.