డిగాక్సిన్: మందు పనీ విషం పనీ ఒకటే

గుండె జబ్బుకు ఏళ్ల తరబడి మందులు వాడుతున్నవాళ్ల డబ్బాలో ఒక చిన్న తెల్ల బిళ్ల కనిపిస్తుంటుంది. చీటీ మీద దాని పక్కన 'వారానికి ఐదు రోజులే, శని ఆదివారాలు వద్దు' అని రాసి ఉంటుంది. షుగర్ బిళ్లకు గానీ బీపీ బిళ్లకు గానీ ఇలాంటి సెలవులు ఉండవు. ఈ బిళ్ల డిగాక్సిన్. ఒక్కోదానిలో ఉండే మందు పావు మిల్లీగ్రాము. అంత కొద్ది మందుకే డాక్టర్లు ఇంత జాగ్రత్తపడటానికి కారణం ఉంది. గుండెకు బలం ఇచ్చే పనీ, గుండెను ఆపగలిగే పనీ ఇది ఒకే చోట, ఒకే పద్ధతిలో చేస్తుంది.

ఆ చోటు పేరు సోడియం పొటాషియం పంపు. మన ఒంట్లో దాదాపు ప్రతి కణం గోడలోనూ ఇది ఉంటుంది. ఒక్కో విడతకు మూడు సోడియం అయాన్లను బయటికి నెట్టి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌ పీతల నరాల మీద పనిచేస్తూ 1957లో దీన్ని బయటపెట్టాడు. అందుకు ఆయనకు 1997లో నోబెల్ బహుమతి వచ్చింది. డిగాక్సిన్ ఈ పంపుకు కణం బయటి వైపు నుంచి అతుక్కుని దాన్ని ఆపేస్తుంది. చికిత్స మోతాదులో అన్ని పంపులూ ఆగవు, కొన్నే ఆగుతాయి.

సోడియం పంపు ఆగితే గుండె బలంగా ఎందుకు కొట్టుకోవాలి? ఇక్కడ రెండో ద్వారం ఒకటుంది. గుండె కణం తనలోని కాల్షియాన్ని బయటికి పంపడానికి, బయటి సోడియం లోపలికి వచ్చే ఒరవడిని వాడుకుంటుంది. మేడ మీది ట్యాంకు నిండుగా ఉంటేనే కింద కుళాయిలో ధార బాగా వచ్చినట్టు, బయట సోడియం ఎక్కువగా, లోపల తక్కువగా ఉంటేనే ఆ ఒరవడి ఉంటుంది. ట్యాంకు నింపే మోటారు సోడియం పంపే. దాన్ని డిగాక్సిన్ కొంత ఆపితే లోపల సోడియం పెరుగుతుంది, ఒరవడి తగ్గుతుంది, కాల్షియం కొంత లోపలే మిగిలిపోతుంది. మిగిలినది కణంలోని కాల్షియం గిడ్డంగిలో చేరుతుంది. తర్వాతి కొట్టుకు ఆ గిడ్డంగి నుంచి ఎక్కువ కాల్షియం విడుదలై కండరం గట్టిగా ముడుచుకుంటుంది.

దీనికి తోడు డిగాక్సిన్ వేగస్ నాడి ప్రభావాన్ని పెంచుతుంది. దాంతో పై గదుల నుంచి కింది గదులకు విద్యుత్ సంకేతం వెళ్లే దారి నెమ్మదిస్తుంది. పై గదులు అడ్డూ అదుపూ లేకుండా అదిరే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో నాడి వేగం తగ్గించడానికి ఇప్పటికీ దీన్ని వాడేది ఇందుకే. గుండె వైఫల్యంలో దీని స్థానం ఇప్పుడు వెనకబడింది. సుమారు 6,800 మంది రోగులతో జరిగి, 1997లో ఫలితాలు వెలువడిన పెద్ద పరీక్షలో ఇది ఆసుపత్రి పాలవడాన్ని తగ్గించింది గానీ మరణాలను తగ్గించలేదు.

మోతాదు పెరిగినప్పుడు కొత్త చర్య ఏదీ మొదలవదు. అదే పని మరీ ఎక్కువవుతుంది. గిడ్డంగి కాల్షియంతో పొర్లిపోతే, పిలుపు లేకుండానే కాల్షియం బయటపడుతుంది, గుండె అదనపు కొట్లు కొడుతుంది. సంకేతాల దారి నెమ్మదించడం కాస్తా పూర్తిగా మూసుకుపోవడం అవుతుంది. ఒకవైపు రెచ్చిపోవడం, మరోవైపు ఆగిపోవడం కలిసి కనిపించడం ఈ విషం ప్రత్యేకత.

మేలుకూ కీడుకూ మధ్య జాగా చాలా తక్కువ. గుండె వైఫల్యంలో మిల్లీలీటరు రక్తానికి 0.5 నుంచి 0.9 నానోగ్రాముల మధ్య ఉంచడం మంచిదని ఇప్పటి వైద్యులు భావిస్తారు. రెండు దాటితే విషలక్షణాల అవకాశం బాగా పెరుగుతుంది. అంటే మందుగా పనిచేసే మోతాదుకు రెండు మూడు రెట్లలోనే ప్రమాదం మొదలవుతుంది. పైగా ఈ అంకె ఒక్కటే చూస్తే చాలదు. పంపు మీద డిగాక్సిన్, పొటాషియం దాదాపు ఒకే చోటు కోసం పోటీపడతాయి. రక్తంలో పొటాషియం తగ్గితే పోటీ తగ్గి డిగాక్సిన్ గట్టిగా పట్టుకుంటుంది. అప్పుడు ఒకటిన్నర నానోగ్రాముల దగ్గర కూడా గుండె లయ తప్పవచ్చు.

ఈ సంగతులన్నీ ఒక రోగిలో ఎలా కలుస్తాయో చూడటానికి ఒక కల్పిత కేసు తీసుకుందాం. గుంటూరు దగ్గర పల్లెలో 72 ఏళ్ల పెద్దావిడ, బరువు 46 కిలోలు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కు వారానికి ఐదు రోజులు డిగాక్సిన్, కాళ్ల వాపుకు రోజూ ఫ్యూరోసమైడ్. మే నెల ఎండల్లో మూడు రోజులు విరేచనాలయ్యాయి. విరేచనాలు తగ్గాయి గానీ ఆవిడకు అన్నం సహించడం మానేసింది. వికారం, నీరసం. ఊళ్లో గ్యాస్ బిళ్లలు ఇచ్చారు. డిగాక్సిన్ మాత్రం మానలేదు, గుండె మందు కదా అని. ఐదో రోజున గోడలు పచ్చగా కనిపిస్తున్నాయని, దీపం చుట్టూ వలయం ఉందని అంది. ఎండ దెబ్బకు కళ్లు తిరుగుతున్నాయనుకున్నారు ఇంట్లోవాళ్లు. కొడుకు ఆసుపత్రికి తీసుకొచ్చి, "గ్యాసేమో అనుకున్నామండీ డాక్టర్‌గారూ" అన్నాడు.

డాక్టర్ మణికట్టు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నాడి నిమిషానికి 44. ఆయనను ఎక్కువగా ఆపింది మరొకటి, ఆ నాడి గడియారంలా సమంగా కొడుతోంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్న మనిషి నాడి ఏళ్లుగా అడ్డదిడ్డంగా ఉండాలి. అది ఉన్నట్టుండి క్రమంలో పడిందంటే జబ్బు నయమైందని కాదు. పైనుంచి సంకేతాలు రావడం పూర్తిగా ఆగిపోయి, మధ్యలోని కణాలు తమంతట తాము నెమ్మదిగా కొట్టిస్తున్నాయని అర్థం. ఈసీజీ అదే చెప్పింది. మధ్యమధ్యలో అదనపు కొట్లూ ఉన్నాయి.

రక్త పరీక్షల్లో కథ బయటపడింది. విరేచనాలతో ఒంట్లో నీరు పోయి కిడ్నీల పని తగ్గింది, క్రియాటినిన్ 1.1 నుంచి 2.4కు ఎక్కింది. డిగాక్సిన్ ఎక్కువ భాగం మూత్రంలోనే పోవాలి. మామూలుగా ఒకటిన్నర, రెండు రోజుల్లో సగానికి తగ్గే మందు, కిడ్నీలు దెబ్బతింటే సగానికి తగ్గడానికి నాలుగైదు రోజులు కూడా తీసుకుంటుంది. విరేచనాలు, ఫ్యూరోసమైడ్ కలిసి పొటాషియాన్ని 3.0కు దించాయి. చివరి బిళ్ల వేసుకుని పది గంటలైంది కాబట్టి రక్తంలోని మోతాదు కొలవడానికి అది సరైన సమయమే. ఆరు గంటలు కాకముందే తీస్తే మందు ఇంకా కణజాలాల్లోకి సర్దుకోక అంకె తప్పుగా ఎక్కువ వస్తుంది. వచ్చిన అంకె 4.2. చీటీలోని శని ఆదివారాల సెలవు ఆవిడను కాపాడలేకపోయింది. కిడ్నీలు బాగున్నప్పుడు ఆ సెలవు సగటు మోతాదును తగ్గిస్తుంది, అంతే. మోతాదునే తగ్గించి రోజూ ఇస్తే ఇంకా నిలకడగా ఉంటుంది.

ముందు డిగాక్సిన్, ఫ్యూరోసమైడ్ ఆపారు. సెలైన్ నెమ్మదిగా ఎక్కించారు. మానిటర్ పెట్టి, అట్రోపిన్ ఇంజెక్షన్ ఇస్తే నాడి 58కి వచ్చింది. పొటాషియాన్ని జాగ్రత్తగా కొద్దికొద్దిగా ఇచ్చారు. కిడ్నీలు సరిగా లేనప్పుడు ఎక్కువైతే అదీ ప్రమాదమే. మెగ్నీషియం కూడా సరిచేశారు. డయాలిసిస్ ప్రస్తావన రాలేదు. డిగాక్సిన్ రక్తంలో కంటే కండరాల్లోనే ఎక్కువగా ఉంటుంది, రక్తాన్ని ఎంత కడిగినా బయటికి వచ్చేది స్వల్పం. ఆవిడ బీపీ నిలబడింది. నాలుగో రోజుకు అంకె రెండుకు దిగింది, వికారం పోయింది, నాడి మళ్లీ ఎప్పటిలా అడ్డదిడ్డమైంది. డాక్టర్ ముఖంలో అప్పుడు నవ్వు కనిపించింది.

బీపీ పడిపోయి ఉంటే, లేదా ప్రాణాంతకమైన లయలు మొదలై ఉంటే వేరే మందు కావాలి. గొర్రెలకు డిగాక్సిన్‌ను అంటించిన ప్రొటీన్ ఎక్కించి, వాటి రక్తంలో తయారయ్యే యాంటీబాడీల నుంచి కావలసిన ముక్కలను వేరుచేస్తారు. వీటినే ఫ్యాబ్ అంటారు. ఇవి రక్తంలో తిరిగే డిగాక్సిన్‌ను పట్టుకుంటాయి. దాంతో పంపులకు అతుక్కున్నది కూడా వదిలి బయటికి వస్తుంది, జంట ముక్కలుగా మూత్రంలో పోతుంది. థామస్ స్మిత్ బృందం 1976లో ఒక రోగికి దీన్ని మొదటిసారి ఇచ్చి, అదుపు తప్పిన లయనూ పెరిగిపోతున్న పొటాషియాన్నీ వెనక్కి తెచ్చింది. ఒక్కసారిగా ఎక్కువ మందు ఒంట్లోకి వెళితే పంపులు ఒకేసారి ఆగి పొటాషియం రక్తంలోనే ఉండిపోతుంది, అందుకే అది ఆ విష తీవ్రతకు కొలత అవుతుంది. ఇదే కుటుంబానికి చెందిన డిజిటాక్సిన్‌తో విషమైనవారిని ఫ్రాన్స్‌లో 1973లో పరిశీలించినప్పుడు, పొటాషియం 5 లోపు ఉన్నవాళ్లు బతికారు, 5.5 దాటినవాళ్లు బతకలేదు. అప్పటికి ఫ్యాబ్ లేదు.

లెక్క సులువు. రక్తంలోని అంకెను బరువుతో గుణించి వందతో భాగిస్తే ఎన్ని వయల్స్ కావాలో వస్తుంది. మన పెద్దావిడకు 4.2, 46ల లబ్ధం వందో వంతు దాదాపు 1.9, అంటే రెండు వయల్స్ సరిపోయేవి. ఇచ్చాక రెండు విషయాలు గుర్తుండాలి. పంపులు ఒక్కసారిగా పనిలో పడి పొటాషియం కణాల్లోకి వెళ్లిపోతుంది, రక్తంలో అది హఠాత్తుగా పడిపోవచ్చు. అలాగే మామూలు పరీక్ష, ఫ్యాబ్‌కు అతుక్కుని పని పోయిన మందును కూడా కలిపి లెక్కపెడుతుంది కాబట్టి అంకె పెరిగినట్టు కనిపిస్తుంది. దాన్ని చూసి కంగారుపడి మళ్లీ మందు ఇవ్వనక్కర్లేదు.

తెలుగు పల్లెల డాక్టర్లకు ఇదే విషం మరో రూపంలోనూ ఎదురవుతుంది. పచ్చ గన్నేరు గింజల్లో ఉండే పదార్థాలు డిగాక్సిన్‌కు దగ్గరి బంధువులు, ఆపేది అదే పంపును. శ్రీలంకలో ఈ గింజల వల్ల విషమైనవారిపై పరీక్షించి, డిగాక్సిన్ ఫ్యాబ్ వాటి మీదా పనిచేస్తుందని 2000లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. తర్వాత అక్కడ ఆ మందు అందుబాటులో లేకుండాపోయింది, మరణాలు పెరిగాయని 2003లో అదే పత్రికలో వచ్చింది. కారణం ధరే. మన దగ్గర కూడా చాలా ఆసుపత్రుల్లో ఫ్యాబ్ నిల్వ ఉండదు. గన్నేరు కేసు వస్తే డాక్టర్ చేతిలో ఉండేవి బొగ్గు పొడి ద్రావణం, అట్రోపిన్, తాత్కాలిక పేస్‌మేకర్, మానిటర్ ముందు నిద్రలేని రాత్రి.