ప్రెస్‌మీట్‌కు ముందే తేల్చుకోవాల్సిన జవాబులు

స్టార్టప్ తన ఉత్పత్తిని మార్కెట్లోకి తెచ్చేటప్పుడు పెట్టే ప్రెస్‌మీట్‌లో ఉత్పత్తి గురించి చెప్పుకోవడానికి పది, పదిహేను నిమిషాలు చాలు. ఆ తర్వాత సమయమంతా విలేకరుల ప్రశ్నలది. మర్నాడు పత్రికలో కనిపించే శీర్షిక చాలాసార్లు ఈ రెండో భాగంలోనే పుడుతుంది. అందుకే ఏర్పాట్లను హాలు బుక్ చేయడంతో కాకుండా రాబోయే ప్రశ్నలను కాగితం మీద పెట్టడంతో మొదలుపెట్టాలి. అన్నిటికంటే ఇబ్బంది పెట్టే ప్రశ్నకు నిజాయతీగా చెప్పగలిగే జవాబు లేకపోతే తేదీ ప్రకటించకుండా ఆగడమే మేలు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక చిన్న సంస్థ రొయ్యల చెరువుల కోసం నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే పరికరం చేసింది. చెరువులోని ప్లాంక్టన్ పగలు ఆక్సిజన్‌ను విడుదల చేస్తుంది, రాత్రి తానే వాడుకుంటుంది. దాంతో తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుంది. లీటరుకు 3 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే రొయ్యలు నీరసిస్తాయి, ఇంకా తగ్గితే చనిపోతాయి. ఆ స్థాయి రాకముందే ఈ పరికరం రైతు ఫోన్‌ మోగిస్తుంది. అప్పుడు ఆయన లేచి ఏరియేటర్లు వేసుకుంటాడు. ధర రూ.38,000 అనుకుందాం. పన్నెండు చెరువుల్లో ఒక పంట కాలం పరీక్షించారనీ అనుకుందాం.

దీన్ని ఎక్కడ ప్రకటించాలి? హైదరాబాద్‌లో పెడితే బిజినెస్ విలేకరులు వస్తారు, పెట్టుబడి ఎంత వచ్చిందని అడుగుతారు. భీమవరంలో పెడితే జిల్లా విలేకరులు వస్తారు, నాచు పడితే పనిచేస్తుందా అని అడుగుతారు. కొనేవాడు రైతు కాబట్టి ఇక్కడ భీమవరమే సరైన చోటు. హైదరాబాద్ డెస్కులకు అదే రోజు ప్రెస్‌నోట్ పంపితే సరిపోతుంది. కళ్లారా చూడాల్సిందీ, ఎదురుగా అడగాల్సిందీ లేని ఉత్పత్తికైతే అసలు ప్రెస్‌మీటే అక్కర్లేదు.

ఆహ్వానం మూడు నాలుగు రోజుల ముందు పంపి, ముందు రోజు సాయంత్రం మళ్లీ గుర్తుచేయాలి. ఉదయం పదకొండు గంటలు అనువైన సమయం. విలేకరి వెళ్లి వార్త రాసి పంపాలి, డెస్కు దాన్ని దిద్దాలి, జిల్లా పేజీలు నగరం ఎడిషన్ కన్నా ముందే ముగుస్తాయి. మధ్యాహ్నం మూడింటికి పెట్టిన సమావేశం వార్త రెండు పేరాలకు కుదించుకుపోవచ్చు. ముఖ్యమంత్రి పర్యటన, ఎన్నికల ఫలితాల వంటివి ఉన్న రోజును వదులుకోవాలి. వేదిక మీద ఇద్దరు మాట్లాడితే చాలు. టీవీ చానళ్ల లోగోలు పెట్టుకునేందుకు ముందు ఒక బల్ల, కెమెరాలకు ప్లగ్ పాయింట్లు, విడిగా బైట్ తీసుకునేందుకు నిశ్శబ్దంగా ఉండే మూల ఉండాలి.

పరికరం పనిచేయడాన్ని అక్కడే చూపించాలి. బకెట్ నీటిలో సెన్సర్ ఉంచి సోడియం సల్ఫైట్ కలిపితే అది ఆక్సిజన్‌ను లాగేస్తుంది, అంకె దాదాపు సున్నాకు దిగుతుంది, బల్ల మీది ఫోన్ మోగుతుంది. కెమెరాలకు ఇంతకంటే మంచి దృశ్యం ఉండదు. అయితే ప్రత్యక్ష ప్రదర్శన పెద్ద సంస్థలకే బెడిసికొట్టింది. 1998 ఏప్రిల్‌లో షికాగోలో బిల్ గేట్స్ వేదిక మీద ఉండగానే విండోస్ 98 ఆగిపోయి నీలి తెర కనిపించింది. ఆ దృశ్యం ఇప్పటికీ ఇంటర్నెట్‌లో తిరుగుతూనే ఉంది. అందుకే ప్రదర్శనను అదే హాల్లో, అదే సిమ్‌తో ముందురోజు రెండుసార్లు చేసి చూడాలి. వేరే కంపెనీ సిమ్ వేసిన రెండో పరికరం, చెరువు దగ్గర తీసిన వీడియో సిద్ధంగా ఉంచుకోవాలి. వీడియో వేయాల్సి వస్తే అది ముందే తీసినదని చెప్పాలి.

మీడియా కిట్ అంటే ఖరీదైన ఫోల్డర్ కాదు. సమావేశంలో లేని డెస్కు మనిషి కూడా ఎవరినీ అడగకుండా సరైన వార్త రాయగలిగేలా చేసే సామగ్రి. ఒక పేజీ ప్రెస్‌నోట్ తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ ఉండాలి. మొదటి పేరాలోనే పరికరం ఏం చేస్తుంది, ఎవరికి, ధరెంత, ఎప్పటినుంచి దొరుకుతుంది అన్నవి రావాలి. ఇంకో పేజీలో పరికరం వివరాలు, పరీక్ష ఫలితాలు ఇవ్వాలి. వ్యవస్థాపకుల పరిచయం నాలుగు వాక్యాలు చాలు. ప్రెస్‌నోట్‌ను కాపీ చేసుకునే వీలున్న యూనికోడ్ పాఠంగా పంపాలి. ఫొటో తీసిన కాగితంలా పంపితే డెస్కు అంతా మళ్లీ టైపు చేయాలి, అక్కడే అంకెలు తారుమారవుతాయి.

చాలామంది పొరబడేది ఫొటోల దగ్గర. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోతుంది. ఫోన్లో బాగానే కనిపించినా అచ్చులో మసకబారుతుంది. ఆరు అంగుళాల వెడల్పున నాణ్యంగా అచ్చు కావాలంటే దాదాపు 1,800 పిక్సెళ్లు కావాలి. కాబట్టి ఫొటోలను డాక్యుమెంట్‌గా గానీ, డ్రైవ్ లింకుగా గానీ పంపాలి. చెరువు గట్టు మీద పరికరంతో రైతు నిలబడిన ఫొటో ఒకటి తప్పక ఉండాలి, ఆయన అనుమతితో. ప్రతి ఫొటోకూ ఎడమ నుంచి వరుసగా పేర్లతో క్యాప్షన్ రాయాలి. టీవీల కోసం సంగీతం, అక్షరాలు లేని నిమిషం నిడివి విజువల్స్ ఇవ్వాలి.

ఇక ప్రశ్నల కాగితం. ఇది కిట్‌లో పెట్టేది కాదు, సంస్థ లోపలే ఉంచుకునేది. ధర గురించి అడిగితే రూ.38,000 అని ఆగకూడదు. అందులో జీఎస్టీ కలిసిందా, సిమ్ రీఛార్జి ఎవరిది, సెన్సర్ మార్చాల్సి వస్తే ఎంత ఖర్చన్నది కూడా చెప్పాలి. లేకపోతే వాటినే మరో విలేకరి దాచిన ఖర్చులుగా రాస్తాడు. పరీక్ష ఎవరు చేశారన్నది తప్పక వచ్చే ప్రశ్న. సంస్థే చేసుకుంటే ఆ మాటే చెప్పాలి. పన్నెండు చెరువుల అనుభవాన్ని జిల్లా అంతటికీ వర్తించే ఫలితంగా చూపకూడదు. ‘దేశంలోనే మొట్టమొదటిది’ అన్న మాట ప్రెస్‌నోట్‌లోకి సులువుగా వచ్చేస్తుంది. ఇలాంటి పరికరాలు ఇప్పటికే మార్కెట్లో ఉన్నాయని విలేకరి అంటే వేదిక మీద చెప్పడానికేమీ ఉండదు. ఆ మాట తీసేసి, తేడా ఏమిటో చెప్పడమే గట్టి సమాధానం.

అన్నిటికన్నా కష్టమైనది ఇదీ: ‘ఫోన్ మోగక రొయ్యలు చనిపోతే నష్టం ఎవరిస్తారు?’ పరీక్షలో రెండు చెరువుల్లో సెన్సర్‌కు నాచు పట్టి అంకె తప్పు చూపిందనుకుందాం. దాన్ని దాస్తే ఆ రైతుల్లో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు విలేకరికి చెబుతారు. జవాబు ఇలా ఉండవచ్చు: ‘రెండు చోట్ల తప్పు చూపింది. నాచు పట్టడమే కారణం. వారానికోసారి సెన్సర్ తుడవాలని ఇప్పుడు ఫోన్‌కు సందేశం వస్తుంది. పరికరం లోపమైతే మార్చి ఇస్తాం. పంట నష్టానికి పూచీ తీసుకోవడం లేదు, ఆ మాట బిల్లు మీదే రాశాం. రాత్రి కాపలా మానేయమని ఎవరికీ చెప్పం.’ ఇది శీర్షికకు ఎక్కినా సంస్థకు చేటు చేయదు. నిజంగా ఆ మాట బిల్లు మీద ఉందో లేదో ముందురోజే చూసుకోవాలి.

పెట్టుబడి, అమ్మకాల అంకెలు చెప్పదలచుకోకపోతే ‘ఆ వివరాలు వెల్లడించడం లేదు’ అనడం చాలు. తెలియని దానికి ఊహించి జవాబివ్వకుండా, సాయంత్రం అయిదింటిలోగా పంపుతామని రాసుకోవాలి. ఇద్దరు వక్తలు రెండు అంకెలు చెప్పకుండా ధర, పరీక్ష, అమ్మకాల సంఖ్యలన్నీ ఒకే కాగితం మీద ఉంచుకోవాలి. మైకు కట్టేశాక తలుపు దగ్గర అన్న మాట కూడా వార్తే అవుతుందని వాళ్లకు గుర్తుచేయాలి. విలేకరులకు కానుకలూ కవర్లూ ఇవ్వకూడదు. ప్రెస్ కౌన్సిల్ నియమావళి జర్నలిస్టులను వాటిని తీసుకోవద్దంటుంది. ఇవ్వడం సంస్థ మాట విలువనే తగ్గిస్తుంది.

సమావేశం ముగిసిన గంటలోపు రాలేకపోయిన విలేకరులకు కూడా కిట్ చేరాలి. కిట్‌లో ఇచ్చిన నంబరు దగ్గర జవాబు చెప్పగల మనిషి రాత్రి పేజీలు ముగిసేదాకా ఉండాలి. డెస్కు నుంచి ఫోన్ వచ్చేది సాధారణంగా అప్పుడే. ధర తప్పు పడిందని మర్నాడు గమనిస్తే, ఫలానా పేజీలో ఫలానా అంకె ఇలా ఉండాలని ఒక్క వాక్యంలో ఆ విలేకరికీ, డెస్కుకూ తెలిపి సవరణ కోరవచ్చు. శీర్షిక నచ్చలేదన్నది మాత్రం సవరణ కోరడానికి కారణం కాదు.