మాస్టారి బెల్టుకు కొత్త చిల్లు

మా లెక్కల మాస్టారు రిటైరైన ఏడాదికల్లా 84 కిలోలకు చేరారు. బడి ఉన్నన్నాళ్లూ రోజంతా బోర్డు దగ్గర నిలబడ్డ మనిషి, ఇప్పుడు పేపరు, టీవీ, పడక్కుర్చీ. ఒకనాడు ఆ కుర్చీలోంచి లేవడానికి రెండు చేతులూ ఆనించాల్సొచ్చింది. మర్నాడే తెనాలి కాలువ గట్టున నడక మొదలుపెట్టారు.

తొలిరోజే గంట నడిచేశారు. మూడోరోజుకు మోకాలు పట్టేసింది. వారం ఆగి పావుగంటతో మళ్లీ మొదలెట్టి, వారానికి ఐదేసి నిమిషాలు పెంచుకుంటూ నలభైకి వచ్చారు. వేగానికి ఆయన కొలత ఒకటే: పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పద్యం మాత్రం ఎత్తుకోలేకపోవాలి.

నెలన్నర గడిచింది. కాటా కదల్లేదు. లెక్కల మాస్టారు కదా, లెక్క వేశారు. ఆయన బరువుకు మూడు కిలోమీటర్ల నడకలో ఖర్చయ్యేది నూటయాభై కేలరీలు, అటూ ఇటూగా. నడక ముగిశాక మిత్రులతో కలిసి తింటున్న పెసరట్టు ఉప్మా అంతకు రెట్టింపు పైమాటే. "ఒరేయ్, జమ కన్నా ఖర్చు ఎక్కువుంటే కదరా నిలవ తగ్గేది!" అన్నారు నాతో. పెసరట్టు ఆదివారానికి పరిమితమైంది. రాత్రి అన్నం సగమై, కూర పెరిగింది.

ఫిజియోథెరపీ చేసే పాత శిష్యురాలొకామె ఇంకో మాట చెప్పింది. "తిండి తగ్గిస్తే కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది మాస్టారూ. ఈ వయసులో అసలే తగ్గుతుంటుంది. దానికీ పని పెట్టండి."

ఆ పని భోజనాల కుర్చీతో మొదలైంది. కుర్చీని గోడకు ఆనించి, చేతులు ఛాతీ మీద కట్టుకుని, మూడు లెక్కపెడుతూ కూర్చోవడం, ఊపిరి వదులుతూ లేవడం. మొదట లేవలేకపోయారు. సీటు మీద రెండు దిండ్లు వేయించిందామె. ఎత్తు పెరిగితే తొడల మీద భారం తగ్గుతుంది. అలా ఐదుసార్లు చేయగలిగారు. నెలకు ఒక దిండు తీసేశారు, తర్వాతి నెల రెండోదీ. ఊపిరి బిగబట్టి లేవొద్దని ఆమె గట్టిగా హెచ్చరించింది, బీపీ ఒక్కసారిగా ఎగదన్నుతుందని. దీనికితోడు గోడకు చేతులానించి దండీలు, చెరో చేత్తో లీటరు నీళ్ల సీసా ఎత్తడం. సోమ, గురువారాల్లో ఇరవై నిమిషాలు, అంతే. తొడలు రెండ్రోజులు సలిపి తగ్గితే ఫర్వాలేదు. కీలులో పోటు వస్తే ఆపేయాలి. ఛాతీ పట్టేసినట్టుంటే ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

నెలకు కిలో చొప్పున ఏడు నెలల్లో 77కు దిగారు. ఐదో నెలలో కాటా మళ్లీ మొరాయించింది గానీ ప్యాంటు మాత్రం జారడం మొదలెట్టింది. మేకు కాల్చి బెల్టుకు కొత్త చిల్లు పెట్టుకున్నారు.

మొన్న వాళ్లింటికి వెళితే, కాఫీ గ్లాసు చేత్తో పట్టుకునే పడక్కుర్చీలోంచి లేచి ఎదురొచ్చారు. కాఫీ ఒలకలేదు.