చలికాలంలో ఇడ్లీపిండి ఎందుకు పొంగదు?

దీపావళి దాటిందంటే మా షోలాపూర్ వాడల్లో ఆడవాళ్ల నోట ఒకటే మాట: "పిండి పొంగలేదు వదినా, ఇడ్లీలు రాళ్లయినయ్." పొద్దుటి షిఫ్టుకు డబ్బా కట్టాల్సిన ఇంట్లో ఇది చిన్న ఇబ్బంది కాదు. పొంగలేదని పిండి పారబోస్తే మినపప్పు డబ్బులు కూడా పోయినట్టే.

పిండిని పొంగించేది పప్పుతో, రవ్వతో సహజంగా వచ్చే కంటికి కనిపించని సూక్ష్మజీవులు. అవి పిండిలోని చక్కెరను తిని పులుపునూ గాలినీ పుట్టిస్తాయి. మినప్పిండి జిగురు ఆ గాలిని బుడగలుగా పట్టి ఉంచుతుంది. 30 డిగ్రీల దగ్గర ఇవి చురుగ్గా పనిచేస్తాయి. మన దగ్గర జనవరి రాత్రుల్లా 15 డిగ్రీలకు అటూ ఇటూ అయితే మందగిస్తాయి, అంతేగాని చావవు. కాబట్టి పొంగని పిండి చెడిపోయిన పిండి కాదు.

చాలామంది గిన్నెకు బొంత చుట్టి పడుకుంటారు. బొంత వేడిని పుట్టించదు, ఉన్న వేడిని పోనివ్వదు. చల్లటి పిండికి చుడితే పిండి చల్లగానే ఉంటుంది. అందుకే ముందు పిండి వెచ్చబడాలి, తర్వాతే బొంత.

మా ఇంట్లో నేను చేసేది ఇది. ఒక గ్లాసు మినపప్పుకు రెండు గ్లాసుల ఇడ్లీరవ్వ. ఎండాకాలం పప్పు రుబ్బేటప్పుడు చల్లనీళ్లు పోస్తాం, చలికాలం గోరువెచ్చనివి పోస్తాను. రవ్వను కూడా గోరువెచ్చని నీళ్లలోనే నానబెట్టి, పిండి కలుపుతాను. సాయంత్రం 4 గంటలకే రుబ్బుతాను, ఎందుకంటే ఎండాకాలం 8 గంటల్లో పొంగే పిండికి ఇప్పుడు 12 నుంచి 14 గంటలు పడుతుంది. పిండి సగానికి మించకుండా గిన్నెలో పోసి, ఆ గిన్నెను వెచ్చని నీళ్లున్న పెద్ద గిన్నెలో దించి, మూతపెట్టి, రెండింటికీ కలిపి బొంత చుడతాను. పడుకునే ముందు ఆ నీళ్లు ఒకసారి మారుస్తాను.

నీళ్లలో వేలు ముంచి పది లెక్కపెట్టినా చురుక్కుమనకూడదు. అంతకన్నా వేడైతే సూక్ష్మజీవులు చస్తాయి, అంచున పిండి ఉడికిపోతుంది. గిన్నెను పొయ్యి మీద పెట్టడం అసలే వద్దు.

పొద్దున పిండి బాగా పైకొచ్చి, లోపల బుడగలు కనిపించి, కమ్మని పులుపు వాసన వస్తే ఇడ్లీకి తయారైనట్టే. అప్పుడు గట్టిగా కలపొద్దు, గాలి పోతుంది. ఇంకా పొంగకపోతే కావలసినంత తీసి దోసెలు పోసుకోండి, వాటికి అంత పొంగు అక్కర్లేదు. మిగతాది నీళ్లు మార్చి మళ్లీ వెచ్చగా ఉంచితే సాయంత్రానికి ఇడ్లీలకు వస్తుంది. సోడా వేస్తే ఉబ్బుతుంది గాని పులిసిన రుచి రాదు. బూజు పట్టినా, రంగు మారినా, కుళ్లు వాసన వచ్చినా మాత్రం ఆ పిండి పారబోయాల్సిందే.