ఆటలో అవతలి గొంతు ఎవరిది?

2022 డిసెంబరులో ఫోర్ట్‌నైట్ ఆటను తయారుచేసే ఎపిక్ గేమ్స్ సంస్థ 27.5 కోట్ల డాలర్ల జరిమానా కట్టడానికి ఒప్పుకుంది. పిల్లల గోప్యత చట్టాన్ని మీరిందని ఆ సంస్థపై కేసు పెట్టింది అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్. ఫిర్యాదులోని ఒక ముఖ్యమైన అంశం తల్లిదండ్రులందరికీ తెలియాల్సింది. ఆటలో వాయిస్ చాట్, టెక్స్ట్ చాట్ రెండూ మొదటి నుంచీ ఆన్‌లోనే ఉండేవి. పిల్లలు ఆటలోకి అడుగుపెట్టగానే ముక్కూమొహం తెలియని పెద్దవాళ్లతో నేరుగా మాట్లాడే వీలు ఏర్పడేది. బెదిరింపులు, వేధింపులు అలా వచ్చినవేనని కమిషన్ చెప్పింది. చాట్ ఆపే బటన్‌ను తర్వాత పెట్టినా, అది వెతికితే గానీ దొరికేది కాదట.

ఫోర్ట్‌నైట్‌లో నలుగురు కలిసి జట్టుగా ఆడవచ్చు. పిల్లవాడు ఒక్కడే వచ్చి ‘ఫిల్’ అన్న ఎంపికను అలాగే వదిలేస్తే, మిగతా ముగ్గురినీ ఆటే ఎక్కడినుంచో తెచ్చి కలుపుతుంది. వాళ్లు పదేళ్లవాళ్లా, నలభై ఏళ్లవాళ్లా అన్నది తెరమీద కనపడదు. ఆ ఎంపికను ‘నో ఫిల్’కు మారిస్తే తనకు తెలిసినవాళ్లతోనే జట్టు కట్టవచ్చు. చాలామంది తల్లిదండ్రుల కంట పడని చిన్న మార్పు ఇది.

ఇప్పుడు 13 ఏళ్లలోపు పిల్లల ఖాతాలకు ఎపిక్ హద్దులు పెట్టింది. తల్లి లేదా తండ్రి అనుమతి ఇచ్చేదాకా చాట్ తెరుచుకోదు, డబ్బుపెట్టి కొనడం కుదరదు. అయితే ఈ కాపలా అంతా ఖాతా తెరిచేటప్పుడు రాసిన పుట్టినతేదీ మీదే ఆధారపడింది. తొందరగా ఆటలోకి వెళ్లాలని పిల్లవాడు 1995 అని కొట్టినా, నాన్న వివరాలతో ఖాతా తెరిచినా, ఆట దృష్టిలో అతను పెద్దవాడే. అందుకే ముందుగా చూడాల్సింది చాట్ సెట్టింగ్‌ను కాదు, ఖాతాలో ఉన్న పుట్టినతేదీని.

ఆ తర్వాత పేరెంటల్ కంట్రోల్స్‌లోకి వెళ్లి ఆరంకెల పిన్ పెట్టాలి. అది పిల్లలు ఊహించగలిగే పుట్టినరోజో, ఫోన్ పాస్‌వర్డో కాకూడదు. వాయిస్ చాట్ అందరితోనా, స్నేహితులతోనేనా, అసలు ఎవరితోనూ వద్దా అన్నది అక్కడ ఎంచుకోవచ్చు. టెక్స్ట్ చాట్‌కు విడిగా మరో ఎంపిక ఉంటుంది. ఒకటి మూసి, రెండోది తెరిచి వదిలేయడం తరచూ జరిగే పొరపాటు.

‘స్నేహితులతోనే’ అని పెట్టి నిశ్చింతగా ఉండేవాళ్లు ఆ స్నేహితులెవరో కూడా చూడాలి. ఒక్క ఆటలో పక్కన నిలబడి గెలిపించినవాడు మరుక్షణమే రిక్వెస్ట్ పంపవచ్చు. పిల్లలు ఒప్పేసుకుంటారు. ఆ క్షణం నుంచి ఆ అపరిచితుడు స్నేహితుడి లెక్కలోకి వస్తాడు, మూసిన తలుపు అతనికి తెరుచుకుంటుంది. కొత్త స్నేహితుణ్ని చేర్చాలంటే పిన్ అడిగేలా సెట్ చేసే వీలుంది, దాన్ని వాడాలి. ఇప్పటికే ఉన్న జాబితాను పిల్లల పక్కన కూర్చుని చదవాలి. ఒక్కో పేరు దగ్గరా ‘ఎవరమ్మా ఇది, మీ క్లాసేనా?’ అని అడిగితే చాలు. ‘ఆటలో కలిశాడు’ అన్న జవాబు వచ్చినచోట తీసేయడమే మంచిది.

ఇక పర్యవేక్షణ మాట. 2023 నుంచి ఫోర్ట్‌నైట్‌లో వాయిస్ చాట్ మీద కూడా ఫిర్యాదు చేయవచ్చు. మాట్లాడినదాంట్లో చివరి ఐదు నిమిషాలు మాత్రమే ఆటగాడి పరికరంలో నిలుస్తాయి, పాతది చెరిగిపోతూ ఉంటుంది. ఎవరైనా ఫిర్యాదు చేస్తేనే ఆ ముక్క సంస్థకు చేరుతుంది. 18 ఏళ్లలోపు వాళ్లు దీన్ని ఆపేయలేరు. అంటే ఎవరైనా బూతులు తిట్టినా, ఫొటో అడిగినా అప్పటికప్పుడే రిపోర్ట్ కొట్టాలి. ఆట ముగించి, అన్నం తిని, అమ్మకు చెప్పి, ఆ తర్వాత వెతికితే ఆ గొంతు అక్కడ ఉండదు. ఈ సంగతి పిల్లలకు ముందే చెప్పి, రిపోర్ట్ బటన్ ఎక్కడుందో చూపించాలి.

ఇన్ని ఉన్నా ఆట గోడ దాటితే ఇవేవీ పనిచేయవు. ఆడుతూనే పిల్లలు డిస్కార్డ్‌లో కాల్ పెట్టుకుంటారు, ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్‌లకు సొంత పార్టీ చాట్ ఉంది. ఫోర్ట్‌నైట్ పిన్‌కు వాటిమీద అధికారం లేదు, వాటిని విడిగా సరిచేయాలి. చెడు ఉద్దేశం ఉన్నవాళ్లు ‘వాట్సాప్‌లోకి రా, ఉచితంగా వి-బక్స్ ఇస్తా’ అనేది కూడా ఈ పర్యవేక్షణను తప్పించుకోవడానికే.

అలాంటి పిలుపు వస్తే పిల్లల్ని తిట్టి చాట్ చెరిపేయకండి. ముందు స్క్రీన్‌షాట్లు తీయండి, రిపోర్ట్ చేయండి, ఆపైన బ్లాక్ చేయండి. ఫొటోలు అడగడం, బెదిరించడం దాకా వస్తే cybercrime.gov.in లో ఫిర్యాదు చేయవచ్చు. పిల్లల సహాయం కోసం 1098కి ఫోన్ చేయవచ్చు.