ఆ కొండకి ఏ ఊళ్ళు కనబడతాయి?

ఏజెన్సీలో చాలా గూడేలకి ఒక సిగ్నల్ బండ ఉంటుంది. కొన్నిచోట్ల అది చెట్టు, కొన్నిచోట్ల ఘాట్ రోడ్డు మలుపు. ఊళ్ళో ఫోను టార్చిలైటుగా తప్ప పనికిరాదు. పావుగంట నడిచి ఆ బండెక్కితే రెండు గీతలు వస్తాయి. పట్నంలో చదువుకునే కొడుకుతో మాట్లాడాలన్నా, అంబులెన్సుకి ఫోన్ చేయాలన్నా అక్కడికే ఎక్కాలి. బండలో మహత్యమేమీ లేదు. దాని మీద నిలబడితే ఎక్కడో దూరపు కొండ మీది టవర్ కంటికి ఆనుతుంది, ఊళ్ళోంచి ఆనదు. మధ్యలో ఒక గుట్ట అడ్డం.

అందుకే కొత్త టవర్ ఎక్కడ పెట్టాలన్న ఆలోచన వచ్చినప్పుడు మొదట అడగాల్సింది, ఫలానా కొండ మీద పెడితే ఏయే ఊళ్ళకి అది కనబడుతుంది అని. కొండెక్కకుండానే, కంప్యూటర్ ముందు ఒక సాయంత్రం కూర్చుని దీనికి చాలావరకు జవాబు రాబట్టవచ్చు. ఆ జవాబుగా వచ్చే పటాన్ని వ్యూషెడ్ అంటారు. ఒక చోట నిలబడితే చుట్టూ ఏ నేల కనబడుతుందో, ఏది కొండల చాటున పడుతుందో రంగులు వేసి చూపే పటం అది.

దానికి కావలసిన ముడిసరుకు ఎత్తుల పటం. నేలంతా గళ్ళుగా కోసి, ప్రతి గడిలో అక్కడి ఎత్తును ఒకే ఒక అంకెగా రాసిన పట్టిక అనుకోండి. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అనే అమెరికా స్పేస్ షటిల్ పదకొండు రోజులు భూమి చుట్టూ తిరుగుతూ రాడార్‌తో కొలిచిన ఎత్తులు ఇప్పుడు ఎవరికైనా ఉచితం. మనవాళ్ళదీ ఉంది. 2005 మే 5న శ్రీహరికోట నుంచి ఎగిరిన కార్టోశాట్-1లో రెండు కెమెరాలు ఉండేవి. ఒకటి కాస్త ముందుకీ ఒకటి కాస్త వెనక్కీ వంగి ఒకే నేలను రెండు కోణాల్లో తీసేవి. మన రెండు కళ్ళూ దూరాన్ని అంచనా వేసినట్టే ఆ జంట ఫొటోల నుంచి ఎత్తులు లెక్కగట్టారు. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వాటిని భువన్ వెబ్‌సైటులో పెట్టింది. ఇవన్నీ 30 మీటర్ల గళ్ళు. కొండ చుట్టూ పదిహేను కిలోమీటర్ల మేర చూడాలంటే దాదాపు 7.85 లక్షల గళ్ళు పరీక్షించాలి.

పరీక్ష మాత్రం ఒక్క గడికి ఎలాగో అన్నిటికీ అలాగే. యాంటెన్నా నుంచి ఊరి గడి దాకా ఒక దారం లాగి కట్టినట్టు ఊహించుకోండి. దారి పొడవునా కింద ఉన్న నేల ఎక్కడైనా దారాన్ని తాకితే ఊరు చాటున పడ్డట్టు. ఎక్కడా తాకకపోతే కనబడుతున్నట్టు.

ఒక ఊరికి చేతితో లెక్కవేసి చూద్దాం. పాడేరు వైపు కొండల తీరుకి సరిపోయేలా నేనే గుండ్రటి అంకెలు అనుకుంటున్నాను. కొండ శిఖరం 1250 మీటర్లు, దాని మీద 40 మీటర్ల టవర్, అంటే యాంటెన్నా 1290 దగ్గర. ఎనిమిది కిలోమీటర్ల అవతల లోయలో ఊరు, అక్కడి నేల 950 మీటర్లు. చేతిలో ఫోను నేలకి మీటరున్నర పైన. టవర్ నుంచి అయిదు కిలోమీటర్ల దగ్గర ఒక గుట్ట, 1080 మీటర్లు. శిఖరం కంటే 170 మీటర్లు తక్కువే కదా, ఇదేం అడ్డొస్తుందనిపిస్తుంది. కానీ దారం ఊరి వైపు దిగుతూ ఆ గుట్ట దగ్గరికి వచ్చేసరికి 1078 మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. పైగా భూమి గుండ్రం కాబట్టి మధ్య నేల దాదాపు ఒక మీటరు ఉబ్బినట్టు లెక్క. గుట్ట రెండున్నర మీటర్ల మేర అడ్డం. ఊరు చాటున పడింది.

అయితే టవర్ ఎత్తు పెంచుదాం, 60 మీటర్లు చేద్దాం. ఇక్కడే చాలామంది పొరబడతారు. టవర్‌కి ఇరవై మీటర్లు కలిపితే గుట్ట దగ్గర దారం ఇరవై మీటర్లు లేవదు, ఏడున్నరే లేస్తుంది. దారం రెండో కొస ఊళ్ళో నేలకి కట్టేసి ఉంది మరి. ఇప్పుడు దారం గుట్టని అయిదు మీటర్ల పైనుంచి దాటుతుంది. వ్యూషెడ్‌లో ఆ గడి రంగు మారి ఊరు కనబడుతున్నట్టు తేలుతుంది.

ఆ రంగు చూసి సంబరపడకూడదు, రెండు కారణాలున్నాయి. మొదటిది, రేడియో తరంగం దారంలా సన్నగా పోదు. రెండు కొసల దగ్గర సన్నగా, నడుమ లావుగా, కదురు ఆకారంలో చోటు తీసుకుంటుంది. ఇంజనీర్లు దాన్ని ఫ్రెనెల్ జోన్ అంటారు. 700 మెగాహెర్ట్జ్ దగ్గర ఈ దారిలో, గుట్ట ఉన్నచోట దాని వ్యాసార్ధం 28 మీటర్లు. అందులో కనీసం అరవై శాతం, అంటే 17 మీటర్లు, దారం కింద ఖాళీగా ఉంటే తరంగం దాదాపు నష్టపోకుండా సాగుతుంది. మనకి దొరికింది అయిదు. దారం గుట్టని సరిగ్గా రాసుకుంటూ పోతే శక్తిలో నాలుగో వంతే అవతలికి చేరుతుంది. కనబడటం వేరు, బాగా అందడం వేరు.

రెండో కారణం మన ఎత్తుల పటమే. 30 మీటర్ల గడిలో ఒకే అంకె ఉంటే అందులోని మొనదేలిన శిఖరం మొద్దుబారిపోతుంది. కొన్ని మీటర్ల తప్పు మామూలే, నిటారు వాలుల్లో ఇంకా ఎక్కువ. రెండున్నర మీటర్ల అడ్డం, అయిదు మీటర్ల ఖాళీ అని మనం తేల్చినవన్నీ ఆ తప్పులో మునిగిపోయేవే. చెట్ల సంగతి మరీ చిక్కు. ఉపగ్రహమైనా షటిలైనా పైనుంచి చూసేది అడవి తలనే. దట్టమైన అడవిలో అది కొలిచేది నేలకీ చెట్టు చివరకీ మధ్య ఎక్కడో ఉంటుంది. కాఫీ తోటల మీద నీడకోసం పెంచే సిల్వర్ ఓక్ వరసలు గుట్ట మీద ఉంటే ఆ 1080 నేలదో ఆకులదో పటం చెప్పదు. శిఖరం మీదే అడవి ఉంటే తమాషా ఇంకోలా ఉంటుంది. సాఫ్ట్‌వేర్ మన టవర్‌ని చెట్ల తలల మీద నిలబెట్టి, లేని ఎత్తు కలిపి, రాని ఊళ్ళని కూడా వస్తాయని చూపిస్తుంది.

కాబట్టి నా లెక్కలో ఆ ఊరికి 1250 మీటర్ల శిఖరం సరైన చోటు కాదు. 17 మీటర్ల ఖాళీ కావాలంటే టవర్‌ని 92 మీటర్ల దాకా లేపాలి. ఆ బదులు అడ్డమొచ్చిన గుట్ట మీదే 40 మీటర్ల టవర్ పెడితే? ఊరు మూడు కిలోమీటర్ల దూరంలో, కళ్ళ ముందు ఉంటుంది. ఎత్తైన కొండ అక్కర్లేదని కాదు. పట్నం టవర్ కనబడేది దానికే. గుట్ట మీది టవర్‌కి మైక్రోవేవ్ లింకు అక్కడి నుంచి అందించవచ్చు. అప్పుడు శిఖరానిది సిగ్నల్ మోసుకొచ్చే పని, గుట్టది పంచే పని.

కానీ చూడాల్సిన గూడెం ఒక్కటే ఉండదు, డజను ఉంటాయి. తోచిన కొండనల్లా పరీక్షిస్తూ పోతే తెల్లారిపోతుంది. దీనికి ఒక చక్కటి కిటుకు ఉంది, లెక్కని తిరగేయడం. కొండకి ఊరు కనబడితే ఊరికీ కొండ కనబడుతుంది, అదే దారం. అందుకని ఊళ్ళో ఫోను ఎత్తున నిలబడి, చుట్టూ ప్రతి గడిలోనూ 40 మీటర్ల టవర్ ఉందనుకుని, ఎక్కడెక్కడ దాని కొస కనబడుతుందో చూడాలి. ఇలా పన్నెండు ఊళ్ళకి పన్నెండు పటాలు తయారు చేసి, ఒకదాని మీద ఒకటి పేర్చి కూడితే ప్రతి గడిలోనూ ఒక అంకె తేలుతుంది. తొమ్మిది ఉన్న గడిలో టవర్ పెడితే తొమ్మిది ఊళ్ళకి కనబడుతుందని అర్థం. ఆ అంకెలు పెద్దవిగా ఉన్నచోట్లలో రోడ్డుకీ కరెంటు లైనుకీ దగ్గరగా ఉన్నవి ఏరుకుంటే పని సగం అయినట్టే. చాలాసార్లు అవి శిఖరాలు కావు, లోయలోకి చొచ్చుకొచ్చిన కొండ భుజాలు.

సాఫ్ట్‌వేర్ ఉచితమే. క్యూజీఐఎస్‌లో బటన్లతో చేయవచ్చు, లేదా దాని వెనక పనిచేసే జీడాల్‌కి రెండు వరుసలు రాస్తే చాలు. పై కొండ నుంచి మామూలు వ్యూషెడ్ కావాలంటే ఇలా:

```
gdalwarp -t_srs EPSG:32644 -tr 30 30 -r bilinear konda.tif konda_utm.tif
gdal_viewshed -ox 700000 -oy 2002000 -oz 40 -tz 1.5 -md 15000 -cc 0.75 konda_utm.tif kanabade.tif
```

మొదటి వరుస ఎత్తుల పటాన్ని డిగ్రీల్లోంచి మీటర్లలోకి మారుస్తుంది. ఇది మరిచిపోతే 15000 మీటర్లన్నది 15000 డిగ్రీలైపోతుంది. టవర్ చోటునీ డిగ్రీల్లోనే ఇస్తే తప్పు అని కంప్యూటర్ చెప్పకపోవచ్చు, తప్పు పటాన్ని గంభీరంగా చేతిలో పెడుతుంది. రెండో వరుసలో `-ox`, `-oy` టవర్ ఉండే చోటు, `-oz` నేల మీద దాని ఎత్తు, `-tz` ఫోను ఎత్తు. చివరి 0.75 భూమి గుండ్రానికి సంబంధించింది. గాలిలో రేడియో తరంగం నేల వైపు కాస్త వంగుతుంది కాబట్టి గుండ్రం నాలుగో వంతు తగ్గినట్టు. వచ్చిన పటంలో కనబడే గళ్ళకి 255, మిగతా వాటికి 0.

ఒక జాగ్రత్త. కార్టోశాట్ పటాన్నీ షటిల్ పటాన్నీ పక్కపక్కన అతికించకూడదు. ఒకటి ఎత్తుని నున్నటి గణిత గోళం నుంచి కొలుస్తుంది, రెండోది సముద్రమట్టం నుంచి. మన ప్రాంతంలో ఈ రెంటికీ పదుల మీటర్ల తేడా. అతుకు దగ్గర లేని గోడ ఒకటి లేచి, దాని వెనకున్న ఊళ్ళన్నీ చాటున పడతాయి.

దీపం కింద చీకటి అంటారే, కొండ టవర్లకి అది అక్షరాలా నిజం. మన 1250 మీటర్ల కొండ కాళ్ళ దగ్గరే, కిలోమీటరు దూరంలో ఇంకో గూడెం ఉందనుకోండి. యాంటెన్నా నుంచి దాన్ని చూడాలంటే దాదాపు 19 డిగ్రీలు కిందికి తల వంచాలి. టవర్ యాంటెన్నా నిలువులో వెలుగు చల్లేది ఏడెనిమిది డిగ్రీల సన్నటి పట్టీలో, అది చూసేది దిగంతం వైపు. గూడేనికి దక్కేది అంచుల్లోంచి జారిన కాస్తే. ఇదొక్కటీ వ్యూషెడ్ పట్టుకోలేదు, గూడెం కనబడుతోందనే అంటుంది. ఇంకో సంగతి మాత్రం అది పట్టుకుంటుంది. శిఖరం బల్లపరుపుగా ఉంటే, టవర్‌ని కొండ అంచు నుంచి 150 మీటర్లు లోపలికి జరిపితే చాలు, అంచే అడ్డమై ఆ గూడెం మాయమవుతుంది. లారీ వెళ్ళడానికి వీలుందని అయిదు గళ్ళు లోపలికి జరపడం మూలంగా ఊరంతా పోవచ్చు.

అందుకే పటం వచ్చాక దాన్ని నమ్మే ముందు ఒక పరీక్ష పెట్టాలి. కొత్త టవర్‌కి కాదు, ఇప్పటికే నిలబడి ఉన్న పాత టవర్‌కి, అదే ఎత్తుల పటంతో, అదే పద్ధతిలో వ్యూషెడ్ వేయాలి. ఊళ్ళవాళ్ళని అడిగి వాళ్ళ సిగ్నల్ బండలు, చెట్లు, మలుపులు ఎక్కడున్నాయో ఫోన్ జీపీఎస్‌లో గుర్తు పెట్టుకుని పటం మీద చుక్కలు పెట్టాలి. చుక్కలు రంగు ఉన్నచోటా, ఊళ్ళు రంగు లేనిచోటా పడితే పటం పనికొస్తుంది. చుక్కలన్నీ ఒకే వైపుకి రెండు మూడు గళ్ళు జరిగి పడితే స్థానాలు ఎక్కడైనా తప్పు రాశామేమో చూసుకోవాలి. ఒకే గుట్ట వెనకున్న చుక్కలు మాత్రమే తప్పితే ఆ గుట్ట మీద చెట్లున్నాయేమో వెళ్ళి చూడాలి.