లేసు అమ్ముదామా? ముందు ఫీజుల లెక్క చూడండి

ఉండి, భీమవరం కాలేజీల్లో చదువుతూ నరసాపురం లేసును ఆన్‌లైన్‌లో అమ్మాలనుకుంటున్నారా? 2024లో ఈ లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. సరుకు బాగుంటే సగం పని అయినట్టే. మిగతా సగం అమ్మే వేదిక తీసుకునే ఫీజుల్లో ఉంటుంది.

చేతిపని వస్తువులకు విదేశీ కొనుగోలుదారులు ఎక్కువగా వచ్చే ఎట్సీనే తీసుకుందాం. ఒక వస్తువును పేజీలో పెడితే 20 సెంట్లు. అది నాలుగు నెలలే నడుస్తుంది, తర్వాత మళ్లీ కట్టాలి. ఒకే డిజైన్ అయిదు రంగుల్లో ఉంటే అయిదు లిస్టింగులు పెట్టకండి. ఒకే లిస్టింగులో రంగులను ఎంపికలుగా చూపిస్తే ఆ 20 సెంట్లు ఒక్కసారే. నెలకు 10 డాలర్ల ప్లస్ ప్లాన్ కూడా ఉంది. అందులో 15 లిస్టింగులకు, 5 డాలర్ల ప్రకటనలకు సరిపడా క్రెడిట్ ఇస్తారు. లిస్టింగుల విలువ 3 డాలర్లు కలిపినా మొత్తం 8 డాలర్లే. పైగా ఆ నెలలో వాడకపోతే పోతాయి. కొత్తగా మొదలుపెట్టేవారికి ఇది దండగే.

అసలు దెబ్బ ప్రకటనల దగ్గర తగులుతుంది. 20 డాలర్ల టేబుల్ రన్నర్, 10 డాలర్ల పోస్టేజీ అనుకోండి. కమీషన్ 6.5 శాతం, అదీ పోస్టేజీతో కలిపి 30 డాలర్ల మీద. అంటే 1.95, లిస్టింగుతో 2.15. పోస్టేజీ పోను మీకు 17.85 మిగలాలి. కానీ కొన్నవారు గూగుల్ లాంటి చోట ఎట్సీ వేసిన ప్రకటన నొక్కి, 30 రోజుల్లోపు కొంటే ఇంకో 15 శాతం, అంటే 4.50 పోతుంది. మిగిలేది 13.35. పేమెంటు ఫీజు, పన్నులు ఇంకా విడిగా ఉన్నాయి. లేసు అల్లిన అమ్మకు ఇచ్చే కూలీ, దారం ఖర్చు ఇందులోంచే రావాలి మరి!

ఈ ప్రకటనల్లో కొత్త షాపులను అడక్కుండానే చేరుస్తారు. వద్దనుకుంటే సెట్టింగుల్లో Offsite Ads దగ్గర ఆపుకోవచ్చు. ఏడాదిలో అమ్మకాలు 10,000 డాలర్లు దాటితే మాత్రం ఆపే వీలుండదు. రేటు 12 శాతానికి తగ్గుతుంది గానీ, తర్వాత వ్యాపారం పడిపోయినా ఆ షాపు ఉన్నంతకాలం కట్టాల్సిందే. కాబట్టి ధర పెట్టేటప్పుడే ఆ 15 శాతం కలిపి చూసుకోండి.

డబ్బు ఎప్పుడొస్తుందన్నది ఇంకో చిక్కు. మన దేశంలో మీషో 2021 నుంచే అమ్మకందారుల దగ్గర కమీషన్ తీసుకోవడం లేదు. వినడానికి బాగానే ఉంటుంది. అయితే ఇలాంటి వేదికల్లో రోజులు లెక్కపెట్టేది ఆర్డరు నుంచి కాదు, డెలివరీ నుంచి. 1న ఆర్డరు వచ్చి, 3న పంపి, 9న చేరి, మరో ఏడు రోజులకు జమ అయితే 16 అవుతుంది. మధ్యలో వచ్చిన ఆర్డర్లకు కూలీ మాత్రం వారం వారం చేతిలో పెట్టాలి. అందుకే రెండు, మూడు వారాల కూలీ, దారం డబ్బు చేతిలో ఉంచుకునే మొదలుపెట్టండి. అంత లేకపోతే మొదటి నెల పది ముక్కలకు మించి పెట్టకపోవడమే నయం.